రాత్రి ఫొటోలో నిండు చంద్రుడు: సైజు, వెలుగు, గ్లో నమ్మేలా పెట్టడం

ప్రశ్న: "నెక్లెస్ రోడ్డు వైపు నుంచి హుస్సేన్ సాగర్ బుద్ధుడిని తీశాను. డిసెంబర్, రాత్రి ఏడు గంటలు. ఫుల్‌ఫ్రేమ్, 50 ఎం.ఎం., f/8, 6 సెకన్లు, ఐఎస్‌ఓ 100, ఫొటో 6000 × 4000. వేరే రోజు 300 ఎం.ఎం.తో తీసిన పౌర్ణమి చంద్రుణ్ని ఫొటోషాప్‌లో తెచ్చి, అవతలి ఒడ్డుకి 900 పిక్సెళ్ల పైన పెట్టాను. ఎంత సర్దినా స్టిక్కర్ అంటించినట్టే ఉంది. సైజు ఎంత ఉండాలి? వెలుగు, చుట్టూ గ్లో ఎలా తేవాలి?"

ముందు సూటిగా చెప్పేస్తాను. మీ ఫొటోలో చంద్రుడి వ్యాసం 76 పిక్సెళ్లు ఉండాలి. మచ్చలు లీలగా తెలిసీ తెలియనట్టుండే, దాదాపు తెల్లటి బిళ్ళలా ఉండాలి. గ్లో ఒక్క బ్లర్‌తో రాదు, మూడు పొరలుగా వేయాలి. చంద్రుడి రంగు బిళ్ళలో కంటే ఆ గ్లోలోనే ఎక్కువ కనిపించాలి. కింద నీళ్లలో ప్రతిబింబం కూడా ఉండి తీరాలి.

స్టిక్కర్‌లా కనిపించడానికి అసలు కారణం కటింగ్ బాగా లేకపోవడం కాదు. మీ చంద్రుడు సెకనులో రెండు వందలో వంతు ఎక్స్‌పోజర్‌తో తీసినవాడు, మీ చెరువు ఆరు సెకన్లు తీసినది. ఆ రెండూ ఒకే షట్టర్ కింద ఎప్పటికీ పడవు. అందుకే "చంద్రుడు ఎలా ఉంటాడు" అని ఆలోచించకండి. ఆ ఆరు సెకన్లలో ఆ కెమెరాకి చంద్రుడు ఎలా పడి ఉండేవాడు అనే లెక్కతో పని మొదలుపెట్టండి.

సైజు

ఆకాశంలో చంద్రుడి వెడల్పు దాదాపు అర డిగ్రీ. దూరాన్ని బట్టి కాస్త మారుతుంది కానీ మన పనికి ఆ తేడా లెక్కలోకి రాదు. సెన్సర్ మీద పడే బొమ్మ సైజు ఫోకల్ లెంగ్త్‌లో 110వ వంతు ఉంటుంది. దాన్ని పిక్సెళ్లలోకి మారిస్తే ఇంతే:

```
వ్యాసం (పిక్సెళ్లు) = ఫోకల్ లెంగ్త్ × ఫొటో వెడల్పు ÷ 36 ÷ 110
50 × 6000 ÷ 36 ÷ 110 = 76
```

36 అనేది ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు, మిల్లీమీటర్లలో. క్రాప్ సెన్సరయితే ఫుల్‌ఫ్రేమ్‌కి సమానమైన ఫోకల్ లెంగ్త్ వేసుకోండి. ఫోన్ మెయిన్ కెమెరా సాధారణంగా 26 ఎం.ఎం.కి సమానంగా ఉంటుంది కాబట్టి 4000 పిక్సెళ్ల ఫొటోలో చంద్రుడు 26 పిక్సెళ్లే వస్తాడు. ఫొటో వెడల్పు అంటే క్రాప్ చేయక ముందున్న వెడల్పు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే: ఫొటోని కత్తిరించి, మిగిలిన వెడల్పు వేసి, చంద్రుణ్ని చిన్నగా చేసేస్తారు.

76 పిక్సెళ్లంటే మరీ చిన్నగా అనిపిస్తుంది. దిగంతం దగ్గర చంద్రుడు కంటికి పెద్దగా తోస్తాడు, కెమెరాకి మాత్రం అలా ఏమీ ఉండదు. ఫొటోలోనే సరిచూసుకోవడానికి ఒక మార్గం ఉంది. బుద్ధుడి విగ్రహం ఎత్తు సుమారు 58 అడుగులు. కిలోమీటరు దూరం నుంచి చూస్తే అది ఒక డిగ్రీ, అంటే ఇద్దరు చంద్రుళ్లంత ఎత్తు. రెండు కిలోమీటర్ల నుంచి చూస్తే ఒక్క చంద్రుడంత. మీరు నిలబడిన చోటి నుంచి విగ్రహం దూరం మ్యాప్‌లో కొలిస్తే విగ్రహం పక్కన చంద్రుడు ఎంతుండాలో తేలిపోతుంది. బుద్ధుడి తల కంటే నాలుగు రెట్లున్న చంద్రుణ్ని పెడితే, లెక్క తెలియనివాళ్లకి కూడా ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది.

కంటి భ్రమకి కొంత వాటా ఇవ్వాలనుకుంటే 100 పిక్సెళ్ల దాకా పెంచండి, ఎవరూ పట్టుకోలేరు. 150 దాటితే దొరికిపోతుంది. ఇంకా పెద్ద చంద్రుడు కావాలంటే చంద్రుణ్ని సాగదీయడం కాదు, ఇంకా దూరం వెళ్లి 200 ఎం.ఎం.తో మళ్లీ తీయాలి. అప్పుడు అదే లెక్కతో 303 పిక్సెళ్లు వస్తుంది, వెనక భవనాలూ ఆ నిష్పత్తిలోనే పెద్దవవుతాయి.

ఆ దిక్కున, ఆ వేళకి చంద్రుడు ఉంటాడా?

ఇది మీరు అడగలేదు కానీ చెప్పకుండా వదలకూడదు. నెక్లెస్ రోడ్డు నుంచి చూస్తే టాంక్‌బండ్ తూర్పు వైపు వస్తుంది. పౌర్ణమి చంద్రుడు సూర్యాస్తమయం వేళకి తూర్పునే ఉదయిస్తాడు, డిసెంబర్‌లో తూర్పుకి కాస్త ఉత్తరంగా. కాబట్టి మీ దిక్కు సరైనదే. ఇదే ఫొటో టాంక్‌బండ్ మీద నుంచి తీసి ఉంటే అటు పడమర. సాయంత్రం పూట నిండు చంద్రుడు పడమటి ఆకాశంలో కింద ఉండడం జరగని పని. హైదరాబాద్ తెలిసినవాళ్లు అది మొదటి చూపులోనే పట్టేస్తారు.

ఇక వేళ. మీ లెన్స్‌తో ఒక డిగ్రీకి దాదాపు 146 పిక్సెళ్లు పడతాయి. 900 పిక్సెళ్ల పైన అంటే ఆరు డిగ్రీల ఎత్తు, అంటే ఉదయించి అరగంట కూడా కాలేదు. కానీ డిసెంబర్‌లో ఇక్కడ పొద్దు ఆరు లోపే గుంకుతుంది. ఏడు గంటలకి పౌర్ణమి చంద్రుడు 15 డిగ్రీలు దాటి పైకి వెళ్లిపోయి ఉంటాడు. ఏడింటికి, పూర్తి చీకట్లో, ఆరు డిగ్రీల ఎత్తున ఉండేది పౌర్ణమి చంద్రుడు కాదు, మర్నాటి బహుళ పాడ్యమి చంద్రుడు. రోజుకి సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు కదా. పాడ్యమి చంద్రుడికీ నిండు చంద్రుడికీ 76 పిక్సెళ్లలో తేడా తెలియదు కాబట్టి బొమ్మ మార్చక్కర్లేదు. ఫొటో కింద మాత్రం "పౌర్ణమి" అని రాయకండి.

మీ ఆకాశంలో చుక్కలు ఉంటే చంద్రుడి దగ్గర ఉన్నవాటిని `Spot Healing Brush`తో తీసేయండి. ఆ వెలుగులో సన్న చుక్కలు నిలవవు. ముఖ్యంగా బిళ్ళ మీద ఒక్క చుక్క కూడా ఉండకూడదు. రేపు ఊరి బయట తీసిన పాలపుంత ఫొటోలో నిండు చంద్రుణ్ని పెడదామనిపిస్తే ఆ ఆలోచన మానుకోండి. ఆ రెండూ ఒకే ఆకాశంలో కుదరవు.

బిళ్ళని తయారుచేయడం

మీ 300 ఎం.ఎం. ఫొటోని 16 బిట్‌లో తెరవండి. `Elliptical Marquee`తో చంద్రుడి అంచుకి ఒక పిక్సెల్ లోపలగా వృత్తం ఎంచుకుని మాస్క్ వేయండి. మేజిక్ వాండ్‌తో వద్దు, అంచు గరుకుగా వస్తుంది. దాన్ని `Convert to Smart Object` చేసి, చెరువు ఫొటోలోకి తెచ్చి, అప్పుడు 76కి తగ్గించండి. తగ్గించేటప్పుడు పైన ఆప్షన్స్‌లో `Bicubic Sharper` ఉంటే `Bicubic`కి మార్చండి. ఆ సైజులో గుంటలు, గీతలు కనిపించకూడదు, పెద్ద మచ్చలు మాత్రమే ఉండాలి. చిటికెన వేలి గోరంత చంద్రుడిలో గుంటలు లెక్కపెట్టగలిగితే ఎక్కడినుంచో తెచ్చిపెట్టాడని అదే చెప్పేస్తుంది.

తర్వాత తిప్పడం. దాదాపు ఎవరూ చేయరు కానీ చేయాలి. చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పుడు ఉన్న తీరు, ఉదయిస్తున్నప్పుడు ఉండే తీరు ఒకటి కావు. హైదరాబాద్‌లో తూర్పున ఉదయిస్తుంటే చంద్రుడి ఉత్తర కొస మన ఎడమకి ఒరుగుతుంది. గుర్తు ఏమిటంటే, అంచుకి దగ్గరగా విడిగా ఉండే చిన్న గుండ్రటి మచ్చ, మేర్ క్రిసియం, పై వైపుకి రావాలి. కిరణాలు చిమ్మినట్టు తెల్లగా ఉండే టైకో గుంట కుడి వైపుకి, కాస్త కిందికి రావాలి. మీ చంద్రుడి ఫొటోలో ఉత్తరం పైకి ఉంటే అపసవ్య దిశలో సుమారు 70 డిగ్రీలు తిప్పితే సరిపోతుంది. `Free Transform`లో కోణం దగ్గర `-70` కొట్టండి.

ఇంకొకటి, ఆరు సెకన్లలో చంద్రుడు కదులుతాడు. తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ లెక్కన మీ ఫొటోలో మూడు నాలుగు పిక్సెళ్లు జరిగి ఉండేవాడు. `Motion Blur`లో `Angle` 70, `Distance` 4 పెట్టండి. మన ఊరి నుంచి తూర్పున ఉదయించేవాడు నిటారుగా, కొంచెం కుడికి వాలి ఎక్కుతాడు కాబట్టి ఆ కోణం. కంటికి కదలిక కనిపించదు. అంచులో కత్తితో కోసినట్టున్న పదును మాత్రం పోతుంది, మీ ఫొటోలోని దూరపు భవనాల మెత్తదనంతో కలిసిపోతుంది.

అంచు చుట్టూ నీడ వేసి బంతిలా గుండ్రం చేయాలనిపిస్తుంది. వేయకండి. నిండు చంద్రుడి అంచు నడిమి భాగానికి దాదాపు సమానంగా వెలుగుతుంది, అందుకే పళ్లెంలా కనిపిస్తాడు. `Inner Shadow` పెట్టిన మరుక్షణం ప్లాస్టిక్ బంతి అవుతుంది.

వెలుగు

నిండు చంద్రుణ్ని మచ్చలతో సహా తీయాలంటే f/8, ఐఎస్‌ఓ 100లో సెకనులో రెండు వందలో వంతు చాలు. మీరు తీసింది ఆరు సెకన్లు. అంటే 1200 రెట్లు, పది స్టాపులు పైచిలుకు. ఆరు డిగ్రీల ఎత్తున గాలి, దుమ్ము, పొగ అడ్డం పడి చంద్రుడు పదో వంతుకి తగ్గిపోయాడనుకున్నా ఇంకా వంద రెట్లు ఎక్కువే. అంటే మీ కెమెరాకి ఆ రాత్రి చంద్రుడు పడి ఉంటే ఒట్టి తెల్ల చుక్క, చుట్టూ వెలుగు, అంతే. మచ్చలు ఉండేవి కావు.

పూర్తిగా తెలుపు పెడితే చూసేవాళ్లు పెద్ద దీపం అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి మచ్చల్ని ఆనవాలుగా మాత్రం ఉంచుతాను. చంద్రుడి లేయర్ మీద `Levels` క్లిప్ చేసి, `Output Levels`లో ఎడమ విలువని 0 నుంచి 200కి తెండి. అప్పుడు తెల్లటి చోట్లు 250 దగ్గర, మచ్చలు 225–230 దగ్గర ఆగుతాయి. `Info` ప్యానెల్ తెరిచి కర్సర్ పెట్టి చూసుకోండి. మచ్చలు 180కి దిగితే మళ్లీ స్టిక్కరే.

లేయర్ మోడ్ `Screen`. దీనికి కారణం ఉంది. ఊరి వెలుగుతో మసకగా మెరిసే గాలి చంద్రుడికీ మనకీ మధ్యలో ఉంది. ఆకాశపు వెలుగు చంద్రుడి మీద కలుస్తుందే తప్ప చంద్రుడు దాన్ని చెరిపేయలేడు. కాబట్టి చంద్రుడిలో ఏ మచ్చా చుట్టూ ఉన్న ఆకాశం కంటే నల్లగా ఉండదు. `Normal` మోడ్‌లో పెట్టినవాళ్ల చంద్రుళ్లలో మచ్చలు ఆకాశం కంటే నల్లగా, కన్నాలు పడ్డట్టు ఉండేది ఇందుకే.

బిళ్ళ రంగు 255, 244, 214 దగ్గర, లేత మీగడ రంగులో ఉంచండి. ఆరు డిగ్రీల ఎత్తుకి అది చాలు. ముద్ద నారింజ రంగు ఒకటి రెండు డిగ్రీల ఎత్తున ఉన్నప్పటిది.

గ్లో

చాలామంది చేసేది ఏమిటంటే, చంద్రుణ్ని డూప్లికేట్ చేసి `Gaussian Blur` 150 కొడతారు. ఏమీ కనిపించదు. 30 కొడతారు. దూది ఉంగరం తొడిగినట్టు వస్తుంది. ఎందుకంటే ఫొటోషాప్‌కి ఆ బిళ్ళ విలువ 255 మాత్రమే, నిజంగా దాని వెలుగు అంతకి వంద రెట్లు. ఆ 255నే వెడల్పుగా పరిస్తే నడిమధ్యలో కూడా 8 మిగులుతుంది. పైగా నిజమైన గ్లో అంచు దగ్గర గబుక్కున పడిపోయి, తర్వాత చాలా దూరం సన్నగా సాగుతుంది. ఒక్క `Gaussian Blur`కి ఆ వాలు రాదు.

అందుకే మూడు విడి లేయర్లు. మూడింటిలోనూ మచ్చలున్న చంద్రుణ్ని కాదు, ఒకే రంగు నింపిన వృత్తాన్ని వాడండి. అన్నీ `Screen` మోడ్, అన్నిటి కేంద్రమూ చంద్రుడి కేంద్రమే.

- దగ్గరిది: 76 పిక్సెళ్ల వృత్తం, `Gaussian Blur` 8, `Opacity` 60%. ఇది అంచుని ఆకాశంలోకి కరిగిస్తుంది.
- మధ్యది: 150 పిక్సెళ్ల వృత్తం, బ్లర్ 40, 25%. మనం "గ్లో" అని గుర్తించేది దీన్నే.
- దూరపుది: 300 పిక్సెళ్ల వృత్తం, బ్లర్ 150, 15%. ఇది ఆకాశానికి నడుమ 15 స్థాయిలు మాత్రమే కలుపుతుంది. ఉందని తెలియదు, తీసేస్తే మాత్రం చంద్రుడు వెంటనే ఆకాశం నుంచి ఊడివస్తాడు.

సైజు మారితే ఈ అంకెలన్నీ అదే నిష్పత్తిలో మార్చుకోవాలి.

రంగు విషయంలో మీ ఫొటోలోనే గురువు ఉన్నాడు. టాంక్‌బండ్ మీది వీధి దీపాల్ని 200%లో జూమ్ చేసి చూడండి. దీపం నడుమ తెలుపు, చుట్టూ పసుపు. వెలుగు ఎక్కువైన చోట రంగు పోయి, పలచబడిన చోట తేలుతుంది. చంద్రుడికీ అదే వర్తిస్తుంది. బిళ్ళ మీగడ రంగులో ఉంటే దగ్గరి గ్లోకి 255, 225, 170, మిగతా రెండింటికి 255, 210, 145 వేయండి. నీలం గ్లో, తెల్ల గ్లో వద్దు.

దీపాల చుట్టూ ఉన్న మసకని కూడా చూడండి. మంచు పొగ ఎక్కువగా ఉన్న రాత్రి దీపాల చుట్టూ వెలుగు పెద్దగా పరుచుకుని ఉంటుంది, అప్పుడు మధ్య పొరని 35% దాకా పెంచవచ్చు. దీపాలు శుభ్రంగా, చిన్నగా ఉన్నాయంటే గాలి తేటగా ఉందన్నమాట, 15%కి దించండి. దీపాలు తేటగా ఉండి చంద్రుడొక్కడే పొగలో ఉన్నట్టుంటే నమ్మకం పోతుంది.

విగ్రహమో భవనమో గ్లోకి అడ్డం వస్తే బిళ్ళనీ మొదటి రెండు పొరల్నీ దాని మీద పూర్తిగా మాస్క్ చేయండి. మూడో పొరని మాత్రం పూర్తిగా కాకుండా మూడో వంతు మిగల్చండి. దూరపు గ్లోలో కొంత లెన్స్ లోపల చెదిరిన వెలుగు కూడా ఉంటుంది, అది ముందున్న వస్తువుల మీద కూడా పడుతుంది. ఇక బుద్ధుడి మీద వెన్నెల మెరుపు గీయక్కర్లేదు. ఫ్లడ్ లైట్ల ముందు వెన్నెల లెక్కలోకి రాదు.

పలచటి మబ్బులు ఉంటే అవి చంద్రుడి ముందుకే రావాలి. చంద్రుడి లేయర్‌పై డబుల్ క్లిక్ చేసి `Blend If`లో `Underlying Layer` కుడి ముక్కని `Alt` పట్టుకుని చీల్చి ఎడమకి జరిపితే మబ్బు మెరిసే చోట చంద్రుడు పలచబడతాడు.

నీళ్లలో

ప్రతిబింబం లేకపోతే పైన చేసిందంతా వృథా. ఆకాశంలో చంద్రుడు ఒడ్డుకి 900 పిక్సెళ్ల పైన ఉంటే ప్రతిబింబం నడిమి భాగం ఒడ్డుకి 900 పిక్సెళ్ల కింద, సరిగ్గా అదే నిలువు గీతలో రావాలి. ఒక్క పది పిక్సెళ్లు పక్కకి జరిగినా తెలుస్తుంది. ఆరు సెకన్ల ఎక్స్‌పోజర్ కాబట్టి గుండ్రంగా ఉండదు, అలల వల్ల నిలువుగా సాగుతుంది. ఎంత సాగాలో మళ్లీ అవతలి దీపాలే చెబుతాయి. వాటి చారలు ఎంత పొడవున, ఎంత మెత్తగా ఉన్నాయో చూసి, చంద్రుడి చార అంచుల తీరు అలాగే ఉంచండి.

కొత్త లేయర్‌లో చంద్రుడంత వెడల్పున్న నిలువు కోలాకారం గీసి, మధ్య గ్లో రంగు నింపి, `Motion Blur` 90 డిగ్రీలలో 500, ఆపైన `Gaussian Blur` 6 కొట్టండి. మోడ్ `Screen`, మొదట 60% పెట్టి చూసి తగ్గించండి. తర్వాత మాస్క్ మీద సన్న బ్రష్‌తో అడ్డంగా అక్కడక్కడా తెంచండి. అల ఉన్నచోట దీపాల చారలు ఎక్కడ తెగాయో అక్కడే ఇదీ తెగాలి.

చివరి పరీక్ష

అన్నిటికీ పైన ఒక `Curves` లేయర్ పెట్టి, నీడల్ని బాగా పైకి లాగి చూడండి. మాస్క్ తప్పులు, మిగిలిపోయిన నల్లటి అంచు, గ్లోలో ఉల్లిపాయ పొరల్లా వచ్చే వలయాలు అన్నీ బయటపడతాయి. వలయాలు వచ్చాయంటే ఫైలు 8 బిట్‌లో ఉందో, గ్లో మరీ నున్నగా ఉందో చూసుకోవాలి. మీ ఆకాశంలో గ్రెయిన్ ఉంటుంది, మీరు వేసిన గ్లోలో ఉండదు. మధ్య, దూరపు పొరల మీద `Add Noise` 1 నుంచి 1.5%, `Gaussian`, `Monochromatic` వేస్తే రెండూ కలుస్తాయి. 100% జూమ్‌లో ఆకాశం ఒక మూలనీ చంద్రుడి పక్కనీ మార్చి మార్చి చూస్తూ సరిపోల్చండి. పరీక్ష కాగానే ఆ `Curves` లేయర్ తీసేయండి.

ఆ నాయిస్ ఇంకో పనికి కూడా వస్తుంది. వాట్సాప్‌లో పంపితే ఫొటో నలిగి, నున్నటి గ్లో మెట్లు మెట్లుగా విడిపోతుంది. కాస్త గ్రెయిన్ ఉంటే మెట్లు అంతగా తెలియవు. అయినా పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.